మార్చిల పోయి ఏప్రిల్‌ల దొరికిన డీజిల్ పైసలు

గోదావరిఖనిల లారీలు పొయ్యే బాట మీది పెట్రోల్ బంకుల నేను లెక్కలు రాసుడుకు చేరిన కొత్తల్ల ముచ్చట ఇది. నైట్ క్యాషు ఒక కాక చూస్తుండె. బొగ్గుబాయిల పనిచేసి రిటైరయిన మనిషి.

మార్చి నెల బ్యాంకు స్టేట్‌మెంటును ఎక్సెల్‌లకు తీసి, కాక బుక్కుతోని కలుపుతున్న. బుక్కుల ముప్పై ఒకటో తారీఖు ఒక లారీ డ్రైవరు ఫోన్ల కొట్టిన డీజిల్ పైసలు, పద్దెనిమిది వేల ఐదొందలు ఉన్నయి. బ్యాంకుల లెవ్వు. పేజీ మారేకాడ వరుస గిట్ల ఎగిరిపోయిందేమో అని ఒక్కో వరుసకు బ్యాలెన్సు కూడి తీసి చూసిన. ఎక్కడా తెగలే. అయ్యో, మార్చి ఒకటిన మాత్రం బ్యాంకుల ఆరు వేలు వచ్చి ఉన్నయి, అవి బుక్కుల లెవ్వు!

"ఏంది కాకా, ఒక చేత్తోని తీసి ఇంకో చేత్తోని ఇచ్చినవా?" అని నవ్విన.

కాక నవ్వలే. లోపలికెల్లి బంకు సేటు గాయిగాయి చేసిండు. "పొద్దుమూకేదాక దొరకకుంటె నీ జీతంల కోస్త కాకా!" కాక ఇంటికి పోయొస్త అని లేచిండు.

మధ్యాహ్నం కాక వచ్చినంక మళ్ల అడిగిన. "కాకా, గా లారీ ఎప్పుడొచ్చింది?"

"పన్నెండు దాటినంక."

"మరి ముప్పై ఒకటి అని ఎందుకు రాసినవ్?"

"గదేంది బిడ్డా? నైట్ షిఫ్టు ఎక్కిన దినందే గద. బాయిల హాజరు మస్టర్ గట్లనే పడ్తుండె."

నా నెత్తి కొట్టుకున్న. రోజూ నైట్ ఎంట్రీలు బ్యాంకుల ఒక్క దినం ఎనుక వడ్తుంటె, బ్యాంకోళ్లే ఆలస్యం చేస్తున్నరని ఊకున్న. ఏప్రిల్ స్టేట్‌మెంటు తీస్తె మొదటి వరుసలనే గా పైసలు, గదే ట్రాన్సాక్షన్ నంబరు. మార్చి ఒకటినాటి ఆరు వేలు కాక ఫిబ్రవరి ఆఖరి వరుసల రాసిండు. "కాకా, బాయి నిన్ను ఇడిసింది గని, నువ్వు బాయిని ఇడువలే!" అన్న. సేటు చాయ్ తెప్పిచ్చిండు. కాక చాయ్ తాగుకుంట గల్లపెట్టె దిక్కే చూసిండు.

పొద్దుమూకి గల్లపెట్టె లెక్కవెడితె సక్కగ పద్దెనిమిది వేల ఐదొందలు ఎక్కువొచ్చినయి.

"ఇవి ఎవలియి కాకా?" అన్న మెల్లగ.

తువ్వాల సర్దుకున్నడు. "నాయే. దొంగ అనిపిచ్చుకునుడెందుకని మధ్యాహ్నం వచ్చుడుతోనే ఏసిన. మీ చిన్నమ్మ కమ్మలు కుదువవెట్టిన."

నాకు దుఃఖం ఆగలే. పొద్దుగాల నేను నవ్విన నవ్వు మీద నాకే కోపమొచ్చింది. పైసలు ఆయన జేబుల కుక్కి, "జల్ది పో, కుదువ దుకాణపాయన మూస్తడు" అని కసిరిన.

గుమ్మం దాక పోయి మళ్ల తిరిగిండు. "బిడ్డా, కమ్మలు ఇడిపిచ్చింది ఏ తారీఖుల రాయాలె?"