తెరిచినవాళ్లు ఫోన్ చేయండి

గుంటూరులో మిర్చి ఎగుమతి ఆఫీసు కంప్యూటర్లు నేనే చూసేవాణ్ణి. ఒక ఉదయం కొనుగోలుదారు ఆర్డర్ పంపినట్టు దొంగ మెయిల్ వచ్చింది. అందులోని ఫైలు తెరిస్తే వైరస్. సిబ్బందికి హెచ్చరిక రాయడానికి కూర్చుంటే వేళ్లు ఆగలేదు. వైరస్ గురించి ఒక పేరా రాశాక నా మీద నాకే చిర్రెత్తింది. ఇది చదివేలోపే నొక్కేస్తారు. అంతా కొట్టేసి మళ్లీ రాశాను.

‘ఆర్డర్ పేరుతో వచ్చిన మెయిల్‌లో ఫైలు తెరవద్దు. అలవాటు కొద్దీ సత్తెనపల్లి, దర్శి బ్రాంచీలకు పంపొద్దు. తెరిచినవాళ్లు వెంటనే నెట్ వైరు పీకి నాకు ఫోన్ చేయండి.’

మా యజమాని చిన్న తప్పుకే ఆఫీసు దద్దరిల్లేలా తిట్టేవారు. ఆ భయంతో ఎవరూ నోరు విప్పరు. అందుకే ‘ఎవరినీ తిట్టరు’ అని ధైర్యంగా చేర్చి పంపాను.

వెంటనే ఫోన్ మోగింది. యజమాని గదిలోంచే.

“నేనే తెరిచానయ్యా. వైరు పీకేశాను. తిట్టరన్నావుగా?”