పచ్చ టిక్కు బి మీద పడింది

"తీసెయ్. ఇప్పుడే తీసెయ్."

"తీసేది లేదవ్వా. ఇన్నాళ్లకు ఒకటి పరుగెత్తుతాంటే దాన్ని నరికెయ్యమంటాండావా?"

"అది అబద్ధం చెప్తాండాది."

"అబద్ధం కాదు, పొరపాటు. రెంటికీ తేడా ఉండాది."

"చూసేటోళ్లకు యాడుంది తేడా? ఆడ కనపడేది నా చేతులు. అబద్ధమో పొరపాటో, చెప్పింది నా చేతులే."

"నీ చేతులకు పేరు రాసుందా ఏమన్నా?"

"ఈ వీధిలో నా చేతులు తెలీనోళ్లు ఎవరుండారే?"

ఆ గురువారం మధ్యాహ్నం నాకూ మా మనవరాలికీ జరిగిన మాటలు ఇవి. ఆమె నా కొడుకు కూతురు. డిగ్రీ చదివింది. నేను మూడో తరగతిలో బడి మాని మగ్గం గుంతలోకి దిగాను. మాది నేత ఇల్లు. వీధిలో ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ మగ్గం చప్పుడు ఉండేది, ఇప్పుడు ఐదారు ఇండ్లలో ఉంది. మా ఇంట్లో నా కొడుకు నేస్తాడు, కోడలు కండెలకు దారం చుడుతుంది. మనవరాలు ఫోన్లో వీడియోలు చేస్తుంది.

ఆ వీడియోలు పది సెకన్లు ఉంటాయి. పైన ఒక ప్రశ్న రాసి పెడుతుంది. కింద ఒక గుండ్రంలో అంకెలు ఐదు, నాలుగు, మూడు అని తగ్గుతూ వస్తాయి. సున్నా అయ్యాక జవాబు కనపడుతుంది. కనపడిన సెకనుకే వీడియో అయిపోయి మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. జవాబు ఆఖరిదాకా ఎందుకు దాచిపెడతావని మొదట్లోనే అడిగాను.

"ముందే చెప్తే బొటనవేలితో పైకి తోసేసి ఎల్లిపోతారవ్వా. ఆఖర్లో చెప్తే ఆగుతారు. సరిగ్గా చూడకముందే అయిపోతాది గదా, ఇంకోసారి చూస్తారు."

"మరి ప్రశ్న అంతసేపూ ఎందుకు? ఒకసారి చూపిస్తే చాలదా?"

"మధ్యలో చూపు పడినోనికి ఏం అడుగుతాండామో తెలియాల గదా. అందుకే ప్రశ్న కదలకూడదు."

నాకు అందులో తప్పు కనపడలేదు. అమ్మేవాడు మూట మొత్తం ఒక్కసారే విప్పడు.

మా ఇంట్లో అప్పుడు ఆరు చీరలు ఉన్నాయి. నేసిన చీరలను నా కొడుకు ఎప్పుడూ షావుకారుకే ఇస్తాడు. ఈసారి మనవరాలు అడ్డం పడింది. నేరుగా కట్టుకునేవాళ్లకే అమ్ముతానంది. నా కొడుకు శుక్రవారం దాకా గడువిచ్చాడు. "శుక్రవారం పొద్దున మూట కడతా. అప్పటికి ఎన్ని అమ్మితే అన్ని నీవి. ఒక్కటీ అమ్ముడుపోకపోతే మళ్లా ఈ ముచ్చట ఎత్తొద్దు" అన్నాడు. ఎత్తొద్దంటే ఫోను పక్కన పెట్టి కడపలో బట్టల అంగట్లో పనికి పోవాలని అర్థం. అది వాళ్లిద్దరికీ ముందే అయిన ఒప్పందం. అంతకుముందు పెట్టిన వీడియోలు ఏవీ నడవలేదు. చూసినవాళ్లలో సగం మంది మా చుట్టాలే.

చివరికి ఆమె ఈ ప్రశ్న పెట్టింది: "ఇందులో చేతిమగ్గం చీర ఏది? ఎ నా? బి నా?"

రెండు చీరలూ ఒకే రంగు, ఒకే అంచు. ఒకటి నా కొడుకు నేసింది. రెండోది మరమగ్గం మీద మా చీరను చూసి దింపింది. ఒక పెండ్లిలో కోడలికి పెట్టారు. దూరం నుంచి చూస్తే తేడా తెలీదు. దగ్గరగా చూస్తే తెలుస్తుంది. చేతిమగ్గం మీద బట్ట వెడల్పు తగ్గకుండా ఒక కట్టెను అడ్డంగా బిగిస్తాం. దాని రెండు కొనల్లో సూదులుంటాయి, అవి అంచుల్లో గుచ్చుకుంటాయి. కొంచెం నేసినాక కట్టెను తీసి ముందుకు జరిపి మళ్లీ గుచ్చుతాం. అందుకని ఉతకని చీర అంచులో అక్కడక్కడ సన్నని రంధ్రాలు కనపడతాయి. చేత్తో జరిపేది కాబట్టి వాటి మధ్య దూరం ఒకటిగా ఉండదు. మరమగ్గం బట్ట మీద గుర్తులు పడితే గీత గీసినట్టు వరసగా పడతాయి. జవాబు అదే.

చీరలు పట్టుకునేదానికి నన్ను కూర్చోబెట్టింది. ఫోనును పీట మీద చెంబుకు ఆనించి నిలబెట్టింది. మొదట రెండు చీరల అంచులూ కనపడేటట్టు పట్టుకోమంది. నా కుడిచేతిలోది ఫోన్లో ఎడమ పక్క కనపడుతుంది, అది ఎ. నా ఎడమచేతిలోది బి. అంతలో కోడలు వంటింట్లోనుంచి పిలిస్తే లేచిపోయింది. తిరిగొచ్చాక ఫోనును దగ్గరికి జరిపి అంచులో రంధ్రాలు తీసింది. ముందర తీసిన ముక్కకు ప్రశ్న, అంకెలు పెట్టింది. తర్వాత తీసిన ముక్కను చివర అతికించి, రంధ్రాలున్న చీర మీద పచ్చ టిక్కు పెట్టింది.

బుధవారం రాత్రి పెడితే గురువారం పొద్దుటికి వేలమంది చూశారు. పిల్ల అన్నం తినకుండా ఫోను చూస్తూ కూర్చుంది. రాయచోటి నుంచి ఒకామె "నేను బి అనే అనుకున్నా, అట్లాంటిదే నాకు ఒకటి కావాల" అని రాసింది. నా కొడుకు కూడా మగ్గం మీదనుంచి తల తిప్పి "ఎన్నయింది?" అని రెండుసార్లు అడిగాడు.

మధ్యాహ్నం ఎదురింటాయన వచ్చాడు. నాకు మరిది వరస. ఆయనదీ నేతే. చెప్పులు విడవకుండా గడపలోనే నిలబడి ఫోను చూపించాడు.

"ఏం వదినా, ఎప్పటినుంచి మరమగ్గం కొలువులో చేరినావు?"

"ఏందప్పా ఆ మాటలు?"

"ఈడ చూడు. నేను వేలు పెట్టి ఆపినా. ప్రశ్న అడిగేటప్పుడు బొక్కలుండేది ఎ చీరకి. నువ్వేమో ఆఖర్లో బి అంటాండావు. ఎ అని చెప్పినోళ్లందరూ నేతోళ్లే. ఆళ్లను పట్టుకోని తప్పంటాండాది నీ మనవరాలు."

ఆయన పోయాక నేను, పిల్ల ఆపి ఆపి చూశాం. ఆయన చెప్పింది నిజమే. ప్రశ్నలో మా చీర ఎ. జవాబులో మా చీర బి పక్కకు వచ్చేసింది. ఒకే రంగు కాబట్టి మారినట్టు ఎవరికీ తెలీలేదు. అప్పుడు మొదలైంది పైన రాసిన మాట.

"సరే, తప్పుని సరిచెయ్" అన్నాను.

"ఒకసారి పెట్టినాక లోపల మార్చేదానికి కుదరదవ్వా. తీసేసి కొత్తది పెట్టాల. అట్లా చేస్తే ఈ చూపులు, ఈ మాటలు అన్నీ పోతాయి. మళ్లీ సున్నా నుంచి. రేపే శుక్రవారం."

"పోతే పోనీ."

"నీకేం పోతాది? కింద మొదటి మాటగా 'జవాబు ఎ, పొరపాటు జరిగింది' అని రాసి అందరికీ పైన కనపడేటట్టు పెడతా. చాలు గదా?"

"కింద మాటలు రాసే చోటు ఒకటి ఉంటాదని నాకు ఈ రోజే తెలిసింది. పైకి తోసేటోళ్లు కిందికి చూస్తారా?"

పిల్ల అప్పుడు నిజం చెప్పింది. "తప్పుగా ఉండేదాన్తోనే అంతమంది వస్తాండారవ్వా. ఎ అనేటోళ్లు, బి అనేటోళ్లు కింద కొట్లాడుకుంటాండారు. కొట్లాడేకొద్దీ ఫోనే ఇంకా శానామందికి చూపిస్తాది. అయినా మనం పంపేది మన చీరే గదా. ఎవర్ని మోసం చేసినాం?"

"ఆ రాయచోటామె ఏది చూసి బి అనింది? ప్రశ్నలో ఉండే బి చూసి. అది మరమగ్గం చీర. నువ్వు ఆమెకు టిక్కు పెట్టి శభాష్ అన్నావు. రేపు అంగట్లో రెండూ పరిస్తే ఆమె కన్ను దాని మీదికే పోతాది. మనం ఒక చీర అమ్మి, పది చీరలు పోగొట్టుకునే పని ఇది."

"అయితే నువ్వే చెప్పు, చీరలు మార్చింది ఎవరు? నేను మార్చలేదు."

"నేనెందుకు మారుస్తానే? పట్టుకోమన్నట్టు పట్టుకున్నా."

పిల్ల మొదట తీసిన ముక్కను పూర్తిగా పెట్టింది. వీడియోలో వాడుకున్నది కొంచెమే. వాళ్లమ్మ పిలిచినప్పుడు ఆపకుండానే లేచిపోయింది కాబట్టి, ఆ తర్వాత జరిగింది కూడా ఫోన్లో పడింది. చాప, నా చేతులు. దుమ్ము పడుతుందని నేను చేతిమగ్గం చీరను మడిచి చాప మీద పెట్టాను. దాని మీద మరమగ్గం చీరను మడిచి పెట్టాను. రెండుసార్లు చేత్తో దులిపాను. పిల్ల తిరిగొచ్చే అడుగుల చప్పుడు వినపడగానే పైనున్నదాన్ని కుడిచేత్తో, కిందున్నదాన్ని ఎడమచేత్తో అందుకున్నాను.

ఇంట్లో బట్టను విప్పి వదిలేయడం నా చేతికి రాదు. పెండ్లయిన నాటినుంచి అంతే. ఎవరూ మడవమని చెప్పలేదు, మడవొద్దనీ చెప్పలేదు.

"చూసినావా?" అంది పిల్ల.

"చూసినా. తప్పు నాది. నా తప్పు కాబట్టే తీసెయ్యమంటాండా."

పిల్ల ఏడవలేదు. ఫోను బోర్లా పెట్టి వంటింట్లోకి పోయింది. నేను మళ్లీ అడగలేదు. ఆ సాయంత్రం నా కొడుకు సంగతి ఎదురింట్లో విన్నాడు. వచ్చి మూట కట్టే గుడ్డ తీసి గోడకు వేలాడేశాడు.

శుక్రవారం పొద్దున నేను ముఖం కడుక్కొని వచ్చేసరికి పీట, చెంబు అక్కడే పెట్టి ఉన్నాయి. పిల్ల చాప పరిచి చీరలు రెండూ నా చేతికిచ్చింది.

"ఈసారి మడస్తే ఊరుకోను."

"జవాబు ఇంకో సెకను ఎక్కువసేపు పెట్టు. నాలాటోళ్లు చదవొద్దా?"

"పెడతా. కదలొద్దు."

ఒకే ఊపులో తీసింది. ప్రశ్న, అంకెలు, తర్వాత ఫోనును చేత్తో పట్టుకొని ఆపకుండా ఎ అంచు దగ్గరికి తెచ్చింది. మా చీర నా కుడిచేతిలోనే ఉంది. టిక్కు ఎ మీద పడింది. కొత్తది పెట్టింది, పాతదాన్ని తీసేసింది. రాయచోటామెకు జరిగింది జరిగినట్టు రాసి, కొత్తది చూడమంది.

నా కొడుకు మూట కట్టేటప్పటికి కొత్తదాన్ని పదిహేడు మంది చూశారు. అందులో ఎదురింటాయన ఒకడు. రాయచోటామె నుంచి జవాబు వచ్చింది: "అయితే ఎ నే పంపండి."

నా కొడుకు కట్టిన మూట విప్పి ఒక చీర తీసి పిల్ల చేతికిచ్చాడు. మిగిలిన ఐదూ షావుకారు దగ్గరికి పోయినాయి.