మా తమ్ముడి దగ్గరే తీసుకో

మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది అరవ అక్షరాలు. మా అబ్బాయికి చెన్నైలో మొదటి జీతం వచ్చినప్పుడు ఆ అక్షరాలతోనే జాబు రాశాను. ఫోన్లో చెబితే ‘సరి సరి’ అని పెట్టేస్తాడు, వెధవ.

వాళ్ల నాన్న ఆసుపత్రిలో పడ్డప్పుడు బంధువుల గుమ్మాలు తొక్కినదాన్ని నేను. అందుకే ముందు ఆరు నెలల ఖర్చు బ్యాంకులో వేసుకో, ముట్టుకోకు, తర్వాత ఇన్సూరెన్స్ చేసుకో, ఈ రెండూ అయ్యేదాకా షేర్ల జోలికి పోవద్దు అని గట్టిగా రాశాను. అంతటితో ఆపి ఉంటే నా చేతికి పుణ్యం ఉండేది. కింద ఇంకో వాక్యం చేర్చాను: ‘పాలసీ మీ మామ దగ్గరే తీసుకో.’

మామ అంటే మా తమ్ముడు. ఇన్సూరెన్స్ ఏజెంటు. మార్చి వచ్చిందంటే టార్గెట్ అని నెల్లితోపులో ఉన్న మా ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చునేవాడు. చూడలేకపోయేదాన్ని.

వాడు మేనల్లుడి చేత ఏడాదికి యాభై వేలు కట్టించాడు. పిల్లవాడు బ్యాంకులో కూడబెట్టినదంతా దానికే పోయింది. ఆ ఏడాది చివర్లో కంపెనీ వాడు పని లేదు పొమ్మన్నాడు. పాలసీ తీసేసి డబ్బు తెచ్చుకోరా అన్నాను. అప్పటి రూలు ప్రకారం మూడేళ్ల దాకా చేతికి రాదట! అప్పుడు తమ్ముణ్ణి పిలిపించాను.

“ఏందిరా ఇది? ఇన్సూరెన్స్ అంటివే?”

“ఇన్సూరెన్సేక్కా. కొంచెం ఇన్సూరెన్సు, మిగిలింది షేర్లలో. రెండూ కలిసుండేది.”

“కొంచెమంటే ఎంత?”

“మనిషి పోతే రెండున్నర లక్షలు వస్తాదిక్కా.”

“షేర్లలో వేసింది యాడికి పోయింది?”

“మార్కెట్ పడిపోయిందిక్కా. మొదటేడు చార్జీలు కూడా పోతాయి గదా.”

ఏది వద్దని రాశానో అదే, నా జాబే సాకుగా చూపించి కట్టించాడు! ఒట్టి ఇన్సూరెన్సే అయితే ఏడాదికి కొన్ని వేలతో దానికి ఎన్నో రెట్లు వచ్చేదని తర్వాత తెలిసింది. వాడి కమిషన్ తక్కువయ్యేది, అంతే. నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతుంటే నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

చెన్నైలో గది ఖాళీ చేసి మావాడు ఇంటికొచ్చాడు. అన్నం పెడుతూ అడిగాను.

“చదువుకున్నవాడివి, అది షేర్లని నీకు తెలీలేదా?”

“తెలుసుమ్మా.”

“మరి ఎందుకు కడితివిరా?”

మజ్జిగ కలుపుకుంటూ, కోపం లేకుండానే చెప్పాడు.

“జాబు పైన చదివితే నా కోసం రాసినట్టుండె. కింద చదివితే మామ కోసం రాసినట్టుండె. మామను కాదంటే నువ్వు బాధపడతావని కట్టేస్తిని.”

ఇంకొంచెం అన్నం వెయ్యమన్నాడు. వేశాను. వాడి మొహం మాత్రం చూడలేకపోయాను.