రేటు ఒక్కటే అడిగిన మెయిలు

ప్రొద్దుటూరులో మా పత్తి వ్యాపారం ఆఫీసులో, డాష్‌బోర్డులోకి రేట్లు ఎక్కించేది మా గుమాస్తా. రోజూ జమ్మలమడుగు వ్యాపారికి ఫోన్ చేసేవాడు. మా సీమలో ముందే రేటు అడగడం మర్యాద కాదు. "ఆడ వాన పడిందా మామా? మోకాలి నొప్పి యెట్లుండాది?" ఇవన్నీ అయ్యాకే రేటు. వింటుంటే నాకు ఒళ్లు మండేది.

మార్కెట్ రేట్ల డేటా అమ్మే కంపెనీకి మెయిలు రాశాను. డాష్‌బోర్డు ఐదు నిమిషాలకోసారి తనంతట తానే రేట్లు తెచ్చుకోవాలి, వాడి చూడమని మీరిచ్చిన ట్రయల్ కీకి ఉన్న రిక్వెస్టుల పరిమితి సగం మార్కెట్లకే అయిపోతోంది, మీ కంప్యూటర్ నుంచి మా కంప్యూటర్ నేరుగా రేట్లు తీసుకునే పూర్తి ఏపీఐ యాక్సెస్ ఇచ్చి పరిమితి పెంచండి అని. ఎందుకని అడిగారు. ఫోన్లతో పొద్దంతా వృథా కాకుండా అన్నాను. పెంచారు. ఫోన్లు ఆగిపోయాయి.

మొన్న జమ్మలమడుగు పోతే ఆ వ్యాపారి అంగడి మూసి ఉంది. పక్కంగడాయన్ని అడిగాను.

"ఆయప్ప పోయి శానా దినాలాయ గదప్పా. దినామూ మాట్లాడేటోళ్లు, మీకు తెలీదా?"

అన్ని దినాలూ జమ్మలమడుగు రేటు మా తెరమీద ఒక్కపూటా ఆగలేదు.