ఒంటిచేత్తో సూదిలో దారం

కుట్టుమిషన్లు బాగుచేసే ఆ మెకానిక్‌ను వీధంతా మిషన్ మాస్టారు అనే పిలుస్తుంది. ఆయన ఛానల్‌లో నూటపద్నాలుగు వీడియోలున్నాయి. అన్నిట్లోనూ కనిపించేవి ఆయన చేతులే. ప్రశ్నలడిగే గొంతు మాత్రం భార్యది. "ఆ స్క్రూ ఎందుకు తిప్పారండీ?" అని ఫోను వెనక నిలబడి అడిగేది. ఆమె పోయి ఏడు నెలలైంది. అప్పటినుంచి ఆయన ఫోను స్టాండుకు తగిలిస్తాడు, రికార్డింగు మొదలుపెడతాడు, నోట మాట పెగలక ఆపేస్తాడు.

ఓ ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది.

"ఏం చెప్పాలో తోచట్లేదమ్మా. నా దగ్గర సరుకు అయిపోయింది" అన్నాడు.

"నీకు తోచడమెందుకన్నయ్యా? జనం అడుగుతూనే ఉంటారుగా. కామెంట్లు చదివావా ఎప్పుడైనా?"

"అవన్నీ మీ వదినే చూసుకునేది."

"ఇప్పుడు నువ్వు చూడు. వెతికేచోట సగం మాట కొట్టి ఆగు. జనం ఏం వెతుకుతున్నారో అదే చూపిస్తుంది."

మూసిన షాపులో కూర్చుని 'కుట్టుమిషన్ దారం' అని కొట్టి ఆగాడు. కింద వరసగా వచ్చాయి: దారం తెగిపోతోంది, దారం కింద చిక్కుపడుతోంది. తెగడం గురించి ఎప్పుడో చెప్పాడు. చిక్కు సంగతి చెప్పలేదు. గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తకుండా దారం ఎక్కిస్తే అది బిగింపు బిళ్లల మధ్య కూర్చోదు; చిక్కులు గుడ్డ కింద పడతాయి. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాడు ఇన్నాళ్లూ. దాన్ని సూదుల పెట్టె అట్టమీద రాసుకున్నాడు.

తర్వాత పాత కామెంట్లలో ప్రశ్నలున్నవాటిని మాత్రం చదవసాగాడు. రెండున్నరేళ్ల కిందట ఒకావిడ రాసింది: "నా కుడిచెయ్యి పడిపోయింది. ఎడంచేత్తో సూదిలో దారం ఎక్కించడం చూపిస్తారా?" దాని కింద భార్య జవాబు: "తప్పకుండానండీ."

ఆమె ఆ రోజే తనతో చెప్పింది. "అదెవరు చూస్తారే" అని తీసిపారేశాడు. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

లేచి, తువ్వాలుతో కుడిచేతిని నడుముకు కట్టేసుకున్నాడు. దారం కొస మీద బరువు పెట్టి, బిగువుగా లాగి ఏటవాలుగా కత్తిరించాలని తెలియడానికే గంట పట్టింది. మణికట్టు మిషన్ పలకకు ఆనించి, సూది వెనక తెల్లకాగితం అంటించి, కొసను దగ్గరగా పట్టుకుంటే ఎక్కింది. పదిహేడోసారికి. ఈసారి ఫోనుముందు మాటలు వాటంతటవే వచ్చాయి. ఎవరికి చెబుతున్నాడో తెలుసు కాబట్టి.

వీడియో పెట్టి, ఆ పాత కామెంటు కింద "ఆలస్యానికి క్షమించండి" అని రాసి, లింకు జతచేశాడు. రోజూ చూసేవాడు. తొమ్మిదో రోజు జవాబొచ్చింది.

"మాస్టారూ, దారం ఎక్కింది. బాబిన్ కేసు మాత్రం ఒంటిచేత్తో పెట్టలేకపోతున్నాను."

ఖాళీ షాపులో దాన్ని రెండుసార్లు పైకే చదువుకున్నాడు. కింది దారపు కండె కూర్చునే ఆ చిన్న బాబిన్ కేసును ఎడంచేత్తో తీశాడు. జారి బల్లకింద పడింది. వంగి వెతుక్కున్నాడు.