జ్వరం కాదు మేడమ్

లిఫ్టు నాన్న అబద్ధాలాడే మనిషి కాడు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఆయన ఏడాదిగా ఒకే అబద్ధాన్ని మూడు వారాలకోసారి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి బడికి పంపుతున్నాడు: "మా అమ్మాయికి జ్వరం వచ్చినందువల్ల నిన్న బడికి రాలేకపోయింది."

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆసుపత్రిలో, పిల్లలకు రక్తం ఎక్కించే వార్డులో, ఆయనకు ఆ పేరు స్థిరపడిపోయింది. నాలుగో తరగతి చదివే కూతురు నోరు మూసుకోదు గనక ఆమెను అక్కడ పిచుక అంటారు. పిచుకకు తలసీమియా. ఆ పిల్ల ఒంట్లో సరైన రక్తం తగినంత తయారు కాదు. అందుకని ముక్కూ మొహం తెలియని పుణ్యాత్ములెవరో ఇచ్చిన రక్తాన్ని మూడు వారాలకోసారి ఎక్కించాలి. ఇది అంటుకునే జబ్బు కాదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ చెరికాస్త వచ్చింది. తమలో అలాంటిదొకటి ఉందని పిచుక పుట్టేదాకా వాళ్లకే తెలియదు.

మరి జ్వరమని ఎందుకు రాయాలి? పాత బళ్లో ఉన్నదున్నట్టు చెప్పి చూశారు. వారం తిరక్కుండా ఒకరిద్దరు తల్లులు వచ్చి, తమ పిల్లల్ని పిచుక పక్కనుంచి మార్పించుకున్నారు. చదువుకున్నవాళ్లే, ఏం లాభం! టీచర్లు మంచివాళ్లు. వాళ్లు ఇంకా నయమనుకుంటే, ఆటల పీరియడ్‌లో పిల్లకు కుర్చీ వేసి, "నువ్వు కూర్చోమ్మా, పాపం" అన్నారు. ఆ కుర్చీలో కూర్చుని కూర్చుని పిచుక మాట్లాడటమే మానేసింది. ఇల్లు బావురుమంది. బడి మార్చాక, కొత్తచోట నోరు విప్పకూడదని భార్య ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

కొత్త టీచరమ్మ గట్టి మనిషి. ఒకసారి గేటు దగ్గర ఆయన్ను పట్టుకుంది.

"ఏంటండీ మీ అమ్మాయి జ్వరం, క్యాలెండర్ చూసుకుని మరీ వస్తుందా?"

ఆయన వెర్రినవ్వు నవ్వి బయటపడ్డాడు. దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు.

ఆ మంగళవారం వార్డులో పిచుక మంచమ్మీద కాళ్లూపుకుంటూ కూర్చుంది. ముందురోజే నమూనా తీసి సరిపోల్చి ఉంచిన రక్తం గొట్టంలోంచి చుక్కా చుక్కా దిగుతోంది. పిల్లకు చలిగానీ దద్దుర్లుగానీ వస్తున్నాయేమోనని పెద్ద సిస్టర్ వచ్చి చూసి వెళుతోంది. పిచుక మాటల మధ్యలో అంది, "మా బళ్లో కూడా మాత్రలిస్తున్నారు సిస్టర్. బలానికంట. మొహం తెల్లగా పాలిపోయిందని టీచర్ నాకు ముందిచ్చింది."

సిస్టర్ ఆగిపోయింది. "ఏ మాత్ర?"

"ఐరన్ మాత్ర."

ఇక చూడాలి ఆవిడ కోపం! "ఏమయ్యా, బుద్ధుందా నీకు? ఎక్కించే రక్తంతోనే ఒంట్లో ఇనుము పేరుకుపోతోందని, దాన్ని బయటికి పంపడానికి పొద్దున్నే పరగడుపున మందు తాగిస్తున్నావు కదా. వాళ్లు అదే ఇనుము తెచ్చి నోట్లో వేస్తున్నారు! బళ్లో చెప్పలేదా?"

చెప్పలేదని ఆయన ఒప్పుకున్నాడు. డాక్టరుగారు వచ్చి, ఒక్క మాత్రతో ముంచుకొచ్చేదేమీ లేదుగానీ ఇకమీదట ఇంకొకటి కడుపులో పడకూడదని, బడికి రాసివ్వాల్సిందేనని తేల్చిచెప్పారు. ఆసుపత్రి కాగితం తను ఇస్తానన్నారు.

ఆయన వరండాలోకి వెళ్లి భార్యకు ఫోన్ చేశాడు. ఆమె తను పనిచేసే బేకరీలో కౌంటర్ వదిలి పక్కకొచ్చి సంగతంతా వింది.

"మళ్లీ ఆ కుర్చీ వేస్తారండీ," అంది.

"వేస్తారేమో. అలాగని మాత్రలు మింగిస్తామా?"

"రాయండి. కానీ జాలిపడేట్టు మాత్రం రాయకండి."

అక్కడే మంచం అంచున కూర్చుని రాశాడు. పాపం, ఆ మనిషి జీవితమంతా రాసినవి లిఫ్టుకు అంటించే నోటీసులు. చెయ్యి అలవాటు కొద్దీ అటే పోయింది: "ప్రతి మూడు వారాలకు ఒకసారి నిర్వహణ నిమిత్తం మా అమ్మాయి పనిచేయదు. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

పిచుక మెడ చాచి చదివి పకపకా నవ్వింది. "నాన్నా, నేనేమన్నా లిఫ్టునా?"

"మరి నువ్వే చెప్పవే, ఎలా రాయమంటావు?"

పిచుక చెప్పింది. ఆయన రాశాడు. మధ్యలో రెండుసార్లు ముక్కు చీదుకున్నాడు.

"మేడమ్, ఇన్నాళ్లూ జ్వరమని రాసింది అబద్ధం. క్షమించండి. మా అమ్మాయికి తలసీమియా. ఎవరికీ అంటుకోదు. మూడు వారాలకోసారి సోమవారం బడి అయ్యాక రక్తపరీక్షకు వెళతాం, మంగళవారం రోజంతా ఎక్కిస్తారు. రక్తం దొరక్కపోతే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది, ముందే ఫోన్ చేస్తాను. దయచేసి ఐరన్ మాత్ర ఇవ్వకండి. రక్తం ఎక్కించే ముందు రెండు మూడు రోజులు నీరసంగా ఉంటుంది. అప్పుడు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. అది బద్ధకం కాదని చెప్పమంది. ఎక్కించిన మర్నాడు హుషారుగా ఉంటుంది. అలసిపోతే తనే చెబుతుందట, అంతవరకూ ఆడనివ్వమంది. కుర్చీ వద్దంది."

మర్నాడు పొద్దున్నే ఆ ఉత్తరం, ఆసుపత్రి కాగితం పట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు. లిఫ్టు తీగలమీద వేలాడే మనిషి గుమ్మం దాటకుండానే చెయ్యి చాచి ఉత్తరం అందించాడు. టీచరమ్మ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"ఆ మాత్ర నేనే దగ్గరుండి మింగించానండీ. నీళ్లు కూడా నేనే ఇచ్చాను."

"ఒక్కదానికేం కాదన్నారు మేడమ్. తప్పు చెప్పని మాదే."

"బద్ధకమని కూడా అన్నాను." ఆమె ఉత్తరాన్ని మడిచి హాజరుపట్టీలో పెట్టింది. "హాజరు సంగతి హెడ్‌మాస్టరుగారితో నేను మాట్లాడతాను. పరీక్షలు మంగళవారం పడకుండా చూస్తాను. పిల్లలకు చెప్పమంటారా?"

"దాన్నే అడగండి మేడమ్. దాని రక్తం, దాని ఇష్టం."

టీచరమ్మ తల ఊపింది. ఇంకేమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే ఆయన్ను మూడు వారాలు తినేసింది. "చూడండి, మెత్తగా మాట్లాడటం మొదలుపెడతారు," అని భార్య దిగులు. పిచుక మాత్రం, పిల్లలకు తర్వాత తనే చెబుతానందట.

మళ్లీ మంగళవారం వచ్చింది, రక్తం ఎక్కించారు, బుధవారం పిల్ల బడికెళ్లింది. సాయంత్రం ఆయన గుమ్మంలోనే కాపలా కాస్తున్నాడు. భార్య కూడా పని తొందరగా ముగించుకొచ్చింది. పిచుక వచ్చీరాగానే సంచీ విసిరికొట్టి భోరుమంది.

తల్లి పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? ఎవరేమన్నారు?"

"టీచరే! లెక్కల్లో సున్నాలు సరిగ్గా పెట్టలేదని బల్ల దగ్గరికి పిలిచి చెవి మెలేసినంత పని చేసింది! 'నిన్ననే రక్తం ఎక్కించుకుని వచ్చావు, ఈరోజు నీకు బోలెడు ఓపికుంటుందని మీ నాన్నే రాసిచ్చారు. మరి ఈ నిర్లక్ష్యం ఏంటి? పదిసార్లు చేసుకురా' అంది. అందరికీ అయిదుసార్లే, నాకు పదిసార్లు! ఆటలాపి మరీ రమ్మని పిలిచింది నాన్నా, నేను గెలుస్తుంటే!"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ల నీళ్లు కారిపోతున్నా ఆపలేకపోయాడు.

"నవ్వుతావేంటి నాన్నా? వెళ్లి అడుగు ఆవిణ్ని!"

"అడగనే తల్లీ," అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ. "పుస్తకం తియ్యి. పదిసార్లూ చెయ్యాల్సిందే."