పొద్దున పోయి సాయంత్రం వచ్చే ఆపరేషన్

వరిబీజం అనే మాట రాయాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. గుండె జబ్బయితే నలుగురిలో చెప్పుకోవచ్చు. షుగరయితే అసలు చెప్పక్కర్లేదు, టీ దగ్గరే తెలిసిపోతుంది. ఇది అలా కాదు. నూజెండ్ల దగ్గర మా ఊళ్ళో నేను సొసైటీ ప్రెసిడెంటుగా చేసినవాణ్ణి, పంచాయతీల్లో మధ్యన కూర్చునేవాణ్ణి. పంచె కాస్త వదులుగా కట్టి, కండువా ముందుకు వేలాడేసుకుని, ఎవరి కంటా పడకుండా నెట్టుకొస్తున్నాననుకునేవాణ్ణి.

ఆపరేషన్‌కి భయపడి కాదు ఆగింది, చూడటానికి వచ్చే జనానికి భయపడి. మా వైపు ఒక్క రాత్రి ఆసుపత్రిలో పడుకున్నారంటే చాలు, తెల్లారేసరికి బ్రెడ్డు ప్యాకెట్లూ అరటిపళ్ళూ పట్టుకుని ఊరు ఊరంతా ఆటోల్లో దిగుతుంది. వచ్చినవాడు ఊరికే పోడు. "ఏమైంది బాబాయ్?" అని అడుగుతాడు. నేనేం చెప్పాలి?

మరి రాత్రి పడుకోకపోతే ఇన్సూరెన్స్ రాదని నా నమ్మకం. ఇంట్లో అందరికీ కలిపి పాలసీ తీసుకున్నప్పుడు, ఆసుపత్రిలో ఇరవై నాలుగు గంటలు ఉండాలన్న ముక్క ఒక్కటి చదివి, పెద్ద లాయరులా కాగితాలు మడిచేశాను. ఆ తర్వాత సొసైటీ అరుగు మీద ఎవరు అడిగినా అదే తీర్పు చెప్పేవాణ్ణి. "పడుకుంటేనేరా డబ్బులు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేదానికి కంపెనీ రూపాయి ఇవ్వదు." నా అంత తెలిసినవాడు చెప్పాక ఇంకెవరు వాదిస్తారు? ఎవరూ వాదించలేదు.

వాపు బరువెక్కి నడక మారేదాకా వచ్చాక నా భార్యే బయల్దేరదీసింది. ఊళ్ళో వాళ్ళకి ఏం చెప్పాలన్నది కూడా తనే ఆలోచించింది. "కోటప్పకొండకి పోతన్నామని చెబుదాంలే" అంది. దేవుడి పేరు చెప్పి నరసరావుపేట బస్సెక్కాం.

సర్జన్ చూసి, "పొద్దున రండి, ఆపరేషన్ చేస్తాం, అంతా బాగుంటే సాయంత్రం ఇంటికి వెళ్ళిపోవచ్చు" అన్నాడు. నా ప్రాణం లేచివచ్చింది. ఎవరూ రారు, ఎవరూ అడగరు. వెంటనే ఇన్సూరెన్స్ గుర్తొచ్చింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, "డాక్టరు గారూ, సాయంత్రమే పోతా. కానీ ఒక రాత్రి ఉన్నట్టు రాసిపెట్టండి" అన్నాను.

ఆయన కలం కింద పెట్టాడు. "ఆ మాట నా దగ్గర అన్నారు సరే, ఇంకెక్కడా అనకండి పెద్దాయనా. ముందు కింద ఇన్సూరెన్స్ డెస్క్‌లో కనుక్కోండి" అన్నాడు. కోప్పడినా బాగుండేది. జాలిగా చూశాడు.

డెస్క్‌లో ఉన్నావిడ మా పాలసీ నంబరు కంప్యూటర్‌లో కొట్టి చూసింది. గట్టి గొంతు, వెనక వరుసలో ఉన్నవాళ్ళకి కూడా వినపడుతుంది. నేను కండువా సర్దుకున్నాను.

"రాత్రి ఉండక్కర్లేదండీ. ఇది డే కేర్ కింద వస్తుంది" అంది.

"ఇరవై నాలుగు గంటలు ఉండాలని మీ కాగితాల్లోనే ఉందిగా" అన్నాను. ప్రెసిడెంటు గొంతు అంత తొందరగా తగ్గదు.

"మామూలుగా అడ్మిట్ అయ్యేవాటికి అది. ఈ ఆపరేషన్లకి ఒకప్పుడు రోజుల తరబడి పడుకోబెట్టేవాళ్ళు. ఇప్పుడు మిషన్లూ మత్తు పద్ధతులూ మెరుగుపడి సాయంత్రానికే లేచి వెళ్తున్నారు. మత్తు ఇస్తున్నారు, థియేటర్‌లో చేస్తున్నారు. వైద్యం చిన్నదవలేదు, పడుకునే టైము తగ్గిందంతే. తొందరగా కోలుకున్నందుకు మీకు డబ్బులు ఎగ్గొడితే ఎలా? అందుకే కవర్ అవుతుంది. పొద్దున అడ్మిషన్, సాయంత్రం డిశ్చార్జి, రెండూ ఉంటాయి. ఊరికే డాక్టరుకి చూపించుకుని మందులు రాయించుకునేది వేరు, అది ఓపీ. దానికి మీ పాలసీలో రాదు. మీరు ఉండని రాత్రి ఉన్నట్టు రాస్తే అది మోసం, వచ్చే క్లెయిమ్ కూడా పోతుంది" అంది.

ఆ ఆఖరి మాట విని, సర్జన్ ఫోన్ చేసి నా సంగతి చెప్పాడేమోనని అడిగేశాను. చెప్పలేదట. రాత్రి ఉన్నట్టు రాయమని అందరూ అడుగుతారట, అందుకే ముందే చెప్పేస్తుందట.

అప్పటిదాకా నా పక్కన గమ్మున కూర్చున్న నా భార్య బల్ల అంచు తడుముకుంటూ ముందుకి వంగింది.

"అమ్మా, మరి కంట్లో పొరకి?"

రెండు మిరప పంటల కిందట, అదే అరుగు మీద, నలుగురి ముందు అడిగింది తను. మసకగా ఉంటోంది, ఆపరేషన్ చేయిస్తావా అని. "కంటి పొరకి సాయంత్రమే పంపించేస్తారు, దానికి ఎవడిస్తాడే డబ్బులు? పంట అమ్మినాక చూద్దాం" అన్నాను. పంట అమ్మాను. చూడలేదు. తను మళ్ళీ అడగలేదు. తర్వాత కూరలో ఉప్పు ఎక్కువైతే అరిచాను. టీ గ్లాసు పొర్లితే, చూసుకోవా అన్నాను. చూసుకోవా అన్నాను!

"అది కూడా డే కేరేనండీ" అంది డెస్క్ ఆవిడ. "కొన్నిటికి పాలసీ తీసుకున్నాక కొన్నాళ్ళు ఆగాలి. మీకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. కంటికి ఇంతవరకే ఇస్తామని ఒక పరిమితి మాత్రం ఉంది. ముందే కంపెనీకి పంపించి అనుమతి తెప్పించుకోండి. ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారు?"

నా భార్య తల నా వైపు తిప్పలేదు. "మిరపకాయల పనమ్మా. తీరిక దొరకలా" అంది.

నా వరిబీజం దాచడానికి కోటప్పకొండ చెప్పినంత తేలిగ్గా, నా మాట దాచడానికి మిరపకాయలు చెప్పింది. అంతకు ముందు సిగ్గనుకున్నది సిగ్గే కాదు. అక్కడే నేల చీలితే దిగిపోదామనిపించింది. మెట్లు దిగేటప్పుడు తను ప్రతి మెట్టూ పాదంతో వెతుక్కుంటోంది. ఇది ఎప్పట్నుంచి చేస్తోందో నాకు తెలియదు. నేనెప్పుడూ ముందు నడిచేవాణ్ణి. ఆ రోజు చెయ్యి పట్టుకున్నాను. "ఏంది, జనం చూస్తారు" అంది.

ముందు తన కన్నే చేయించాలన్నాను. నాది ఆగుతుందన్నాను. ఊళ్ళో బస్సు దిగగానే అరుగు మీద నుంచి, "దర్శనం బాగా అయిందా అన్నా?" అని కేకేశారు. "కొండకి పోలేదురా, మీ వదినకి కన్ను చూపించడానికి పోయాం. సాయంత్రమే పంపించినా డబ్బులిస్తారంట, నేను చెప్పింది తప్పు" అన్నాను. ఎంతో ధైర్యం చేసి సగం నిజం చెప్పాను. మిగతా సగం అప్పుడు కూడా కండువా కిందే ఉంచుకున్నాను.

కంటి ఆపరేషన్‌కి పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేశాం. మర్నాడు మళ్ళీ వెళితే కట్టు విప్పారు. పొర బాగా ముదిరిందని, ఇంకాస్త ముందు రావాల్సిందని కంటి డాక్టరు నాతోనే అన్నాడు. తల ఊపాను.

బయట వరండాలో తను ఆ కొత్త కంటితో గోడ మీది బొమ్మలు చూసింది, రోడ్డు మీద బస్సు బోర్డు కూడబలుక్కుని చదివింది. తర్వాత నన్ను పై నుంచి కింద దాకా చూసి, నా పంచె దగ్గర ఆగిపోయింది.

"ఏందయ్యా, ఇంత తెలిసిపోతుందా? ఊరందరికీ కనపడతానే ఉందన్నమాట."

కండువా మీదికి నా చెయ్యి పోయింది, మధ్యలో ఆగింది. ఇన్నాళ్ళూ అరుగు మీద అందరూ చూస్తూనే ఉన్నారు, మర్యాదకి ఊరుకున్నారు. కనపడనిది ఒక్క తనకే, అదీ నా మాట వల్ల. అంతా తెలిసీ తను నవ్వుతోంది. నేను నవ్వలేకపోయాను.